అరకు కరపత్రం: సమాచారం ఒకటే, రచనలు రెండు

అరకు లోయలోని ఒక రిసార్టు తెలుగులో, ఇంగ్లీషులో కరపత్రం వేయాలనుకుంటోందనుకుందాం. సాధారణంగా ఇంగ్లీషు ప్రతి ముందు తయారవుతుంది, తెలుగు దాని వెంట నడుస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ‘లూజ్ యువర్‌సెల్ఫ్ ఇన్ అరకు’ అన్న నినాదం ‘అరకులో తప్పిపోండి’ అయితే, పిల్లలతో బయల్దేరే తల్లికి గుండె గుభేలుమంటుంది. ‘ఎక్స్‌పీరియన్స్ అరకు’ను ‘అరకును అనుభవించండి’ అంటే, ‘చేసినదానికి అనుభవించు’ అని తిట్టినట్టు వినిపిస్తుంది.

అందుకే అనుభవమున్న రచయిత నినాదం జోలికి ముందుగా పోడు. రెండు భాషలకూ ఉమ్మడిగా ఉండే వాస్తవాల పట్టిక రాసుకుంటాడు. విశాఖపట్నం నుంచి రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. సొరంగాల గుండా సాగే కిరండూల్ రైలు. దారిలో బొర్రా గుహలు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన గిరిజన రైతులు పండించే, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కాఫీ. గదుల అద్దె, వేడినీళ్ల వేళలు, శాకాహార భోజనం కూడా ఇందులోనే ఉంటాయి.

ఆ పట్టిక ముందు పెట్టుకుని రెండు ప్రతులూ విడివిడిగా రాయాలి.

విజయవాడ కుటుంబానికి అరకు ఎక్కడుందో చెప్పనక్కర్లేదు. అమ్మమ్మ మెట్లు ఎక్కగలదా, చలికి ఏం తెచ్చుకోవాలి, రైలు టిక్కెట్టు ముందే తీసుకోవాలా అన్నవి వాళ్ల ప్రశ్నలు. వాళ్లకు ‘వలిసెలు పూశాయి, అరకు ఎప్పుడొస్తున్నారు?’ అన్న పిలుపు చుట్టాలింటి నుంచి వచ్చినట్టుంటుంది. ఇంగ్లీషు ప్రతి చదివే దూరప్రాంతపు యాత్రికుడికి వలిసె అంటే తెలియదు. అతనికి కాఫీ తోట ముందు పెట్టి, పండిన చోటే తాగి చూడమని పిలవడం మేలు. ధింసా నృత్యమేమిటో, బొంగు చికెన్‌ను వెదురు బొంగులో ఎలా కాలుస్తారో ఇంగ్లీషులో ఒక్కో వాక్యంలో చెప్పాలి. తెలుగులో పేరు చెబితే చాలు.

పిలుపులు వేరైనా మాట మాత్రం తప్పకూడదు. పసుపు పచ్చని వలిసె చేలు సాధారణంగా అక్టోబరు చివరి నుంచి డిసెంబరు వరకే కనిపిస్తాయి. ఆ ఫొటోతో వేసవి కరపత్రం వేస్తే, మే నెలలో వచ్చినవాళ్లు మోసపోయామనుకుంటారు. పూల పిలుపు చలికాలపు ప్రతికే పరిమితం చేయాలి. ఫొటో కింద నెల కూడా రాయాలి.

అచ్చుకు ముందు రెండు పరీక్షలు చాలు. మొదటిది, ఇంగ్లీషు ప్రతి చూడని మనిషి చేత తెలుగు ప్రతిని పైకి చదివించడం. ఎక్కడ తడబడితే అక్కడ అనువాదం మిగిలిందన్నమాట. రెండోది, ధరలు, దూరాలు, వేళలు రెండు ప్రతుల్లోనూ ఒకటేనా అని పట్టికతో సరిచూడటం. తెలుగు వత్తులకు వరుసల మధ్య ఎక్కువ జాగా కావాలి కనుక, డిజైనర్‌కు ఇంగ్లీషుతో పాటే తెలుగు ప్రతినీ మొదటి రోజే ఇవ్వాలి.