ఒక్క యాప్‌లోనే సౌండ్ రావట్లేదా? పక్క గదిలో హోమ్ థియేటర్ చూడండి

ఆత్మకూరులో ఉండే మా పిన్ని కొడుకుది శాంసంగ్ గెలాక్సీ ఫోన్. రింగ్‌టోన్ మోగుతుంది, గ్యాలరీలో వీడియోలకు సౌండ్ వస్తుంది. ఒక్క వీడియో యాప్‌లో మాత్రం బొమ్మ ఆడుతుంది కానీ సౌండ్ ఉండదు. "పర్మిషన్లన్నీ ఆన్ చేశా అన్నా, అయినా ఇంతే" అన్నాడు. మొన్న మా ఉదయగిరి వచ్చాడు. ఇక్కడ అదే యాప్ చక్కగా పాడుతోంది! మళ్లీ ఇంటికెళ్లగానే మూగబోయింది.

ఫోన్ అదే, యాప్ అదే. మారింది ఊరొక్కటే. అంటే ఆ ఇంట్లో ఏదో బ్లూటూత్ డివైస్ ఫోన్‌ని పట్టుకుంటోందన్నమాట. వెతికితే లోపలి గదిలో హోమ్ థియేటర్ ఆన్‌లోనే ఉంది, వాల్యూమ్ సున్నాలో ఉంది. ఒకసారి జత చేసిన ఫోన్ దగ్గరికొస్తే చాలు, చాలా స్పీకర్లు వాటంతటవే కనెక్ట్ అయిపోతాయి.

మరి మిగతా యాప్‌లు ఎందుకు బాగున్నాయి? శాంసంగ్‌లో సెట్టింగ్స్‌లోని Sounds and vibration కింద Separate app sound అని ఒకటుంది. మీరు ఎంచుకున్న యాప్ సౌండ్‌ని మాత్రమే బ్లూటూత్‌కి పంపి, మిగతావి ఫోన్‌లోనే ఉంచుతుంది. పార్టీలో పాటలు స్పీకర్‌లో పెట్టి, ఫోన్ మనం వాడుకోవడానికి మంచి ఫీచరే. మావాడు ఎప్పుడో ఆన్ చేసి మర్చిపోయాడు. అది ఆఫ్ చేసి, బ్లూటూత్ కూడా ఆఫ్ చేయగానే సౌండ్ వచ్చేసింది.

మీ ఫోన్‌లో ఈ ఆప్షన్ లేకపోతే గ్యాలరీలో ఒక వీడియో ప్లే చేసి చూడండి. దానికీ సౌండ్ రాకపోతే సమస్య యాప్‌ది కాదు, మీడియా మొత్తం బ్లూటూత్‌కి పోతూ ఉండొచ్చు. రింగ్‌టోన్, అలారం ఫోన్ స్పీకర్‌లోనూ మోగుతాయి కాబట్టి ఫోన్ బాగానే ఉందనుకుని మోసపోతాం. బ్లూటూత్ ఆఫ్ చేస్తే పది సెకన్లలో తేలిపోతుంది. గ్యాలరీలో సౌండ్ వచ్చి, యాప్‌లోనే రాకపోతే మాత్రం ముందు ఆ యాప్‌లోని మ్యూట్ గుర్తు చూడండి. చాలా యాప్‌లు వీడియోని మ్యూట్‌లోనే మొదలుపెడతాయి.

ఇక పర్మిషన్ల సంగతి. ఆండ్రాయిడ్‌లో సౌండ్ వినిపించడానికి యాప్‌కి ఏ పర్మిషనూ అక్కర్లేదు, కాబట్టి మావాడు అన్నీ ఆన్ చేసినా లాభం లేకపోయింది. Microphone పర్మిషన్ కావాల్సింది రికార్డింగ్‌కి. మీరు ఆ యాప్‌లోనే తీసిన వీడియోలు మూగగా ఉండి, వేరేవాళ్లవి బాగా వినిపిస్తుంటే అప్పుడు అది చూడండి. అయితే పర్మిషన్ ఇచ్చాక తీసిన వీడియోలకే సౌండ్ వస్తుంది. పాతవాటిలో అసలు సౌండ్ రికార్డే కాలేదు, తిరిగి రాదు.

హోమ్ థియేటర్‌ని మావాడు జాబితాలోంచి తీసేస్తానన్నాడు. వద్దన్నాను. దాని పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కి మీడియా ఆడియో ఆఫ్ చేస్తే సరిపోతుంది, పండక్కి పాటలు పెట్టాలనుకున్నప్పుడు మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.