ముప్పై రెండా, పదహారా?

ఉల్లి వేరు కొనలోని కణంలో 16 క్రోమోజోములుంటాయి. అందులోని డీఎన్‌ఏ పరిమాణాన్ని 2C అంటారు. ఎస్ దశ ముగిశాక క్రోమోజోములెన్ని? చాలామంది 32కే టిక్ పెడతారు. అది తప్పు. డీఎన్‌ఏ రెట్టింపై 4C అవుతుంది గానీ, కొత్త నకలు పాతదానితో సెంట్రోమియర్ దగ్గర అతుక్కునే ఉంటుంది. లెక్కపెట్టాల్సింది సెంట్రోమియర్లనే కాబట్టి సంఖ్య 16 దాటదు. సమవిభజనలో అవి చీలినప్పుడు కాసేపు 32 అవుతాయి. తర్వాత ఒక్కో పిల్లకణానికి 16 క్రోమోజోములు, 2C డీఎన్‌ఏ దక్కుతాయి.

పుప్పొడి కోసం జరిగే క్షయకరణ విభజనలో మొదట జతలే విడిపోతాయి, సెంట్రోమియర్లు చీలవు. అందుకే సంఖ్య 8కి తగ్గినా డీఎన్‌ఏ 2C ఉంటుంది. అది 1C అయ్యేది రెండో విభజన తర్వాతే. సంఖ్య అడిగితే సెంట్రోమియర్లను, డీఎన్‌ఏ అడిగితే క్రొమాటిడ్లను లెక్కపెట్టండి.