పాము. పాము? పాము!

బోర్డు మీద 'పాము' అని రాసి, పక్కన చుక్క పెట్టి, రెండో తరగతి పిల్లల్ని చదవమనండి. బొమ్మ చూసి పేరు చెప్పినట్టు చదివేస్తారు. చుక్క చెరిపి ప్రశ్నార్థకం పెట్టండి. ఈసారి నమ్మలేనట్టు గొంతు పైకి లేస్తుంది. ఆశ్చర్యార్థకం పెడితే బెంచీ కింద కాళ్లు ఆడించేవాళ్లు కాళ్లు పైకి లాక్కుంటారు. అక్షరాలు మారలేదు, మారింది చివరి గుర్తే. ఆట ఇక్కడే మొదలుపెట్టాలి.

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ప్రతి పిల్లా పాత నోటుబుక్కు అట్టతో మూడు చీటీలు చేసుకోవాలి. ఒకదాని మీద చుక్క, ఒకదాని మీద ?, ఇంకోదాని మీద ! ఉంటాయి. ఒకరు ముందుకొచ్చి టీచరు దగ్గర ఓ చీటీ తీసి, ఎవరికీ చూపించకుండా, బోర్డు మీది వాక్యాన్ని ఆ గుర్తుకు తగ్గట్టు చదువుతారు. మిగతావాళ్లు విని, ఏ గుర్తనిపిస్తే ఆ చీటీ ఎత్తుతారు. సగం మంది ఒకటి, సగం మంది ఇంకొకటి ఎత్తితే తప్పు విన్నవాళ్లది కాదు, చదివిన గొంతు తేలలేదన్నమాట. మళ్లీ చదవమనాలి.

వాక్యం ఎంచుకోవడంలోనే చాలా ఆటలు చెడిపోతాయి. తెలుగులో ప్రశ్న చాలాసార్లు మాటలోనే ఉంటుంది. 'వచ్చాడు' చివర దీర్ఘం తీస్తే 'వచ్చాడా' అయిపోతుంది. 'రాము వచ్చాడు', 'రాము వచ్చాడా' అని రెండు వాక్యాలు ఇస్తే పిల్లలు గొంతు వినరు, దీర్ఘం విని చీటీ ఎత్తేస్తారు. అందుకే రెండు గుర్తులకూ ఒదిగే వాక్యం కావాలి. 'ఎంత పెద్ద చెట్టు' అన్నది అలాంటిదే. ప్రశ్నయితే కొలత అడుగుతున్నాం, ఆశ్చర్యమైతే తలెత్తి చూస్తున్నాం. 'వర్షం వచ్చిందా' కూడా అంతే. కిటికీ మూసి ఉన్నప్పుడు అడిగేది ఒకటి, ఆరేసిన బట్టలు గుర్తొచ్చినప్పుడు అనేది ఇంకొకటి.

ప్రశ్నంటే చివర గొంతు పెంచాలి, ఆశ్చర్యమంటే అరవాలి అని సూత్రం చెప్పేస్తే మాత్రం చిక్కే. 'నీ పేరేంటి?' అని మామూలుగా అడిగి చూడండి. బలం 'ఏంటి' మీద పడుతుంది కానీ, గొంతు చివర ఎగరాలనేం లేదు. 'అయ్యో, గువ్వ పిల్ల పడిపోయింది!' అనేటప్పుడు గొంతు తగ్గుతుంది కూడా. ఎంత గట్టిగా అరిస్తే అంత ఆశ్చర్యం అనుకునే పిల్లలకు ఈ వాక్యాన్ని గుసగుసగా చదివే పందెం పెట్టొచ్చు. (ఫోన్లో మెసేజికి ఆరేసి ఆశ్చర్యార్థకాలు తగిలించే పెద్దలకూ ఈ పందెం పనికొస్తుంది.)

ఆట అయ్యాకే వర్క్‌షీట్. విడివిడి వాక్యాలకన్నా చిన్న సంభాషణ మేలు, ఎందుకంటే ఏ గుర్తు పెట్టాలో ముందూ వెనకా మాటలే చెబుతాయి. గుర్తులన్నీ తీసేసి ఇలా ఇవ్వొచ్చు:

అమ్మమ్మా, ఇటు రా □
ఏమైందిరా □
మంచం కింద పిల్లి కూనలున్నాయి □
ఎన్ని ఉన్నాయి □
ఎన్ని ఉన్నాయో కనబడటం లేదు □
అబ్బ, ఎంత చిన్నగా ఉన్నాయో □
తల్లి పిల్లి వచ్చిందా □

ఎక్కువమంది తడబడేది అయిదో వాక్యం దగ్గర. 'ఎన్ని' కనబడగానే ప్రశ్నార్థకం పెట్టేస్తారు. నిజానికి అక్కడ ఎవరూ ఎవర్నీ అడగడం లేదు, కనబడటం లేదని చెబుతున్నారంతే. 'దీనికి అమ్మమ్మ జవాబు చెప్పాలా?' అని అడిగితే పిల్లలే చెరిపేసి చుక్క పెడతారు. ఆరో వాక్యంలోని 'ఎంత'కూ ఇదే పరీక్ష.

మొదటి వాక్యానికి చుక్క పెట్టినా, ఆశ్చర్యార్థకం పెట్టినా తప్పు లేదు. చివరి వాక్యం ప్రశ్న కావచ్చు, తల్లి పిల్లి గుమ్మంలో ప్రత్యక్షమైతే ఆశ్చర్యమూ కావచ్చు. కాబట్టి దిద్దేటప్పుడు ఎర్ర పెన్ను వెంటనే తీయకూడదు. పెట్టిన గుర్తుతో ఆ వాక్యాన్ని చదవమనాలి. గొంతూ గుర్తూ కలిసి, ఆ సందర్భానికి అతికితే మార్కు ఇవ్వాల్సిందే. వర్క్‌షీట్ వెనక ఒకే జవాబు అచ్చేసి ఉంటే పక్కన పెట్టేయొచ్చు.

ఇంకా గుణింతాలు కూడబలుక్కునే పిల్లలకు ఈ ఆట మొదట్లో కుదరదు. అక్షరాలు పట్టుకోవడానికే ఊపిరి సరిపోతుంది, గుర్తేమో వాక్యం చివరెక్కడో ఉంటుంది. వాళ్లకు ముందు వాక్యాన్ని కంఠతా వచ్చేదాకా చెప్పించి, తర్వాత చీటీ ఇవ్వాలి. లేదా గుర్తును ముందే రంగు పెన్సిల్‌తో చుట్టి, చదవడం మొదలుపెట్టేముందు అటు ఓసారి చూడమనాలి.