పదడుగుల గది లెక్క

లాడ్జి కట్టబోయే యజమాని మొదట అడిగే మాట ఒకటే: అంతస్తుకు ఎన్ని గదులు వస్తాయి? ఆ లెక్కను నేను మంచం దగ్గర మొదలుపెడతాను.

డబుల్ కాట్ పొడవు ఆరున్నర అడుగులు. తలవైపు పక్కగోడకు ఆనించి అడ్డంగా వేస్తే, పదడుగుల వెడల్పు గదిలో కాళ్ల వైపు మూడున్నర అడుగులు మిగులుతాయి. ఎదుటి గోడకు అడుగు వెడల్పున బల్ల, పైన టీవీ పెట్టినా రెండున్నర అడుగుల దారి ఉంటుంది. పెట్టె పట్టుకుని మామూలుగా నడవొచ్చు. అదే గది తొమ్మిదడుగులైతే మిగిలేది అడుగున్నర. మనిషి పక్కకు తిరిగి జరగాల్సిందే. ఉదయం దుప్పటి మార్చే అమ్మాయి రోజూ ఆ సందులోనే వంగాలి.

గదికీ గదికీ మధ్య తొమ్మిది అంగుళాల గోడ కలిపితే ఒక్కో గది పదిముప్పావు అడుగులు తీసుకుంటుంది. వరుసకు పదకొండు చొప్పున, కారిడార్‌కు రెండువైపులా వేస్తే భవనం పొడవు సుమారు 118 అడుగులు. గదిని అడుగు తగ్గిస్తే అదే పొడవులో పన్నెండేసి పడతాయి, అంటే అంతస్తుకు రెండు గదులు లాభం. యజమాని కళ్లు మెరిసేది ఇక్కడే. ఒక గదిలో చేసిన తప్పు ప్రతి గదిలోనూ, ప్రతి అంతస్తులోనూ పడుతుంది కాబట్టి నేను పదడుగుల దగ్గరే పట్టుబడతాను. దీనికి ఇంకో సౌకర్యం ఉంది. రెండు గదులకొక పిల్లర్ వేస్తే మధ్య దూరం ఇరవై ఒకటిన్నర అడుగులు. కింద స్టిల్ట్‌లో రెండు కార్లు హాయిగా పడతాయి.

పక్కపక్క గదులను అద్దంలో చూసినట్టు తిప్పి వేస్తాం. అప్పుడు రెండు బాత్‌రూమ్‌లు ఒకదానికొకటి ఆనుకుని, రెంటికీ కలిపి ఒకే డక్ట్ సరిపోతుంది. దాన్ని బాత్‌రూమ్‌లకూ కారిడార్‌కూ మధ్య రెండడుగుల లోతున పెట్టి, తలుపు కారిడార్‌లోకి ఇవ్వాలి. పైపు కారితే ప్లంబర్ గదిలో దిగినవాళ్లను లేపకుండా బయటినుంచే పని చేసుకుంటాడు. ఆ తలుపు మాత్రం ఒకే రెక్కతో పెట్టకూడదు. రెండున్నర అడుగుల రెక్క తెరిస్తే దారిలో సగం మూసుకుపోతుంది. రెండు చిన్న రెక్కలుగా చేయిస్తే ఇబ్బంది ఉండదు.

కారిడార్ వెడల్పు అయిదడుగులు. హోటళ్లకు నేషనల్ బిల్డింగ్ కోడ్ అడిగే కనీసం ఒకటిన్నర మీటర్లు, కాబట్టి ఇది దానికి కాస్త పైనే. అయితే ఆ కొలత గోడకు ప్లాస్టరింగ్, టైల్స్ అయ్యాక మిగలాలి. ఇటుక నుంచి ఇటుకకు అయిదడుగులు కొలిచి వదిలేస్తే చివరికి తక్కువ పడుతుంది. గది తలుపులను అడుగు లోపలికి జరిపితే, తాళం తీసేవాడి పెట్టె దారికి అడ్డం రాదు.

ఇంతా చేసి అందరూ పాడుచేసేది ఒక్కచోట. మన ఇరవై రెండు గళ్లలో రెండు చివర్లా మెట్లకు రెండు, లిఫ్టుకు ఒకటి పోతాయి. ఇంకొకటి దుప్పట్లకు, ట్రాలీకి, తుడిచే నీళ్లు పారబోసే సింకుకు, మాసిన బట్టల సంచులకు, కరెంటు ప్యానెల్‌కు ఉంచాలి. గదులు పద్దెనిమిది మిగులుతాయి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక లాడ్జి యజమాని, "బట్టలకు గదెందుకు బాబూ, మెట్ల కింద పెట్టుకుంటారులే" అని ఆ గడిని పందొమ్మిదో గదిగా మార్పించాడు. నేను గట్టిగా చెప్పలేకపోయాను. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే కారిడార్‌లో రెండడుగుల ట్రాలీ రోజంతా నిలబడి ఉంది. అయిదడుగుల దారి మూడడుగులైంది. ఎదురెదురుగా పెట్టెలతో వచ్చినవాళ్లలో ఒకరు వెనక్కి తగ్గాలి. మాసిన దుప్పట్ల మూటలు మెట్ల మొదట్లో ఉన్నాయి. రాత్రి పొగ కమ్ముకుంటే మనుషులు వెతుక్కుంటూ వచ్చేది ఆ మెట్లకే. ఆ గది అద్దె నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ గడి పెద్దదేం కానక్కర్లేదు. ఒక్కో గదికి ఒక దుప్పటి, రెండు గలీబులు, రెండు తువ్వాళ్లు చొప్పున ఒక జత మంచం మీద, ఒకటి అరలో, ఒకటి చాకిరేవులో ఉంటుంది. అంటే అంతస్తు అరల్లో ఉండాల్సింది పద్దెనిమిది దుప్పట్లు, ముప్పై ఆరు గలీబులు, ముప్పై ఆరు తువ్వాళ్లు. గోడకు అయిదు వరుసల అరలు చాలు. వాటి ముందు ట్రాలీ తిరగడానికి చోటు మాత్రం వదలాలి. తడి సింకును ఎదురు గోడకు పెడితే ఉతికిన బట్టలకు చెమ్మ పట్టదు.

ఇప్పుడు ఏ పనిలోనైనా మొదటి శ్లాబు ఆరగానే మేస్త్రితో ముగ్గు పోయిస్తాను. ఒక గది, దాని ముందు కారిడార్ ముక్క, బట్టల గడి, అన్నీ అసలు కొలతల్లో. మంచం, ట్రాలీ తెప్పిస్తాను. గదులు ఊడ్చే అనుభవం ఉన్న ఒకామెను పిలిచి, యజమాని చూస్తుండగా ఆ గీతల మధ్య దుప్పటి మార్చమంటాను.