వేపుడు రంగు చెప్పే సంగతి: అక్రిలమైడ్‌తో ముప్పు ఎంత?

ఒకే మూకుడు, ఒకే నూనె, ఒకే మంట. అయినా ఒక్కోసారి బంగాళాదుంప ముక్కలు లోపల ఉడికేలోపే పైన ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి. తప్పు వండినవారిది కాకపోవచ్చు. శీతల గిడ్డంగిలో 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ చలిలో నెలల తరబడి ఉన్న దుంపలో పిండిపదార్థం కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్ చక్కెరలుగా మారుతుంది. అలాంటి దుంప కూర వండితే కాస్త తియ్యగా ఉంటుంది, వేపితే త్వరగా నల్లబడుతుంది. వేడి నూనెలో ఈ చక్కెరలు దుంపలో సహజంగా ఉండే ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లంతో కలిసినప్పుడు రంగు, కమ్మని వాసనతో పాటు అక్రిలమైడ్ అనే రసాయనం కూడా పుడుతుంది.

ఆహారంలో ఇది ఉందన్న సంగతి అనుకోకుండా బయటపడింది. 1997లో స్వీడన్‌లోని హాలండ్‌సాస్ రైలు సొరంగం పనుల్లో నీటి ఊటలు ఆపడానికి వాడిన అక్రిలమైడ్ మిశ్రమం వాగుల్లో కలిసింది. చేపలు చచ్చిపోయాయి, ఆ నీళ్లు తాగిన ఆవులు కాళ్లు పడిపోయి కూలబడ్డాయి. సొరంగం కార్మికుల రక్తాన్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు, పోలిక కోసం ఆ పనితో సంబంధం లేనివారి రక్తాన్నీ చూశారు. వారి హిమోగ్లోబిన్‌కు కూడా అక్రిలమైడ్ అంటుకుని ఉంది! అది ఎక్కడిదని వెతికితే చివరికి వంటగదిలో తేలింది. 2002లో స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయం, స్వీడన్ ఆహార సంస్థ ఈ విషయాన్ని ప్రకటించాయి.

సుమారు 120 డిగ్రీలు దాటిన వేడిలో, తేమ ఆరిపోతున్న పైపొరలో ఈ చర్య జోరందుకుంటుంది. అందుకే నీటిలో ఉడికే అన్నంలో, ఆవిరిపై ఉడికే ఇడ్లీలో అక్రిలమైడ్ దాదాపు ఉండదు. చిప్స్, వేపుళ్లు, బాగా కాల్చిన బ్రెడ్, బిస్కెట్లు, కాఫీ గింజల్లో ఉంటుంది.

మరి మామూలుగా తినే మోతాదుతో ప్రమాదం ఉందా? ఒక లెక్క చూద్దాం. ఫ్రెంచ్ ఫ్రైస్‌కు ఐరోపా సమాఖ్య నిర్దేశించిన సూచిక కిలోకు 500 మైక్రోగ్రాములు. ఆ స్థాయిలో ఉన్న ఫ్రైస్ 100 గ్రాములు తింటే 50 మైక్రోగ్రాములు ఒంట్లోకి చేరతాయి. 60 కిలోల మనిషికి ఇది శరీర బరువులో కిలోకు సుమారు 0.8 మైక్రోగ్రాములు. 20 కిలోల పిల్లవాడు అందులో సగమే తిన్నా కిలోకు 1.25 అవుతుంది. అంటే పెద్దవారికంటే ఎక్కువే.

జంతు ప్రయోగాల ఆధారంగా, కణితుల పెరుగుదలకు సంబంధించి 2015లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఎంచుకున్న ప్రామాణిక మోతాదు రోజుకు కిలోకు 170 మైక్రోగ్రాములు. రోజూ ఫ్రైస్ తినే మన పెద్దమనిషి దానికి 200 రెట్లు దిగువన ఉన్నాడు. వినడానికి ఇది చాలా దూరంగానే ఉంది. కానీ జన్యు పదార్థాన్ని దెబ్బతీసే రసాయనాల విషయంలో ఈ దూరం 10,000 రెట్లు ఉంటేనే నిపుణులు ఊరట చెందుతారు. ఆందోళన తొలగకపోవడానికి కారణం ఇదే.

మరోవైపు, మనుషులపై జరిగిన పెద్ద అధ్యయనాల్లో ఆహారంలోని అక్రిలమైడ్‌కు, క్యాన్సర్‌కు స్థిరమైన సంబంధం కనిపించలేదు. అయితే ఎవరు ఎంత తిన్నారో జ్ఞాపకం మీద ఆధారపడి లెక్కించడం కష్టం కనుక చిన్న ముప్పు ఆ అధ్యయనాల కంటికి చిక్కకపోవచ్చు. ఒక ముక్క మాడినంత మాత్రాన భయపడనక్కర్లేదు. ఏళ్ల తరబడి రోజూ ఒంట్లోకి చేరే మొత్తాన్ని తగ్గించుకోవడమే తెలివైన పని.

నిప్పులపై కాల్చిన మాంసం సంగతి వేరు. అందులో చక్కెరలు తక్కువ కాబట్టి అక్రిలమైడ్ కూడా తక్కువే. అక్కడ మాడిన భాగంలో హెటిరోసైక్లిక్ అమైన్లు, కొవ్వు నిప్పుల మీద కారినప్పుడు లేచే పొగలో పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు పుడతాయి. మంట తగలకుండా ఎడంగా కాల్చడం, నల్లబడిన చోట తీసేయడం దానికి మందు.

దుంపల విషయంలో మార్గం పొలంలోనే మొదలవుతుంది. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ రూపొందించిన కుఫ్రి చిప్సోనా రకాల్లో ఈ చక్కెరలు తక్కువ. చిప్స్ తయారీకి వాడే దుంపలను 10 నుంచి 12 డిగ్రీల దగ్గర నిల్వ చేస్తే తీపి అంతగా పెరగదు. ఇంట్లో అయితే తరిగిన ముక్కలను 15 నుంచి 30 నిమిషాలు నీళ్లలో నానబెట్టి, నీళ్లు వంచేసి, తడి తుడిచి వేపాలి. నీళ్లతో పాటు కొంత చక్కెర, ఆస్పరజిన్ వెళ్లిపోతాయి. ముక్కలు లేత బంగారు రంగులో ఉండగానే దింపేయాలి. తియ్యగా అనిపించే దుంపలను వేపుడుకు బదులు ఉడికించి కూరకు వాడుకోవడం మేలు.