బొమ్మలాట వీడియోగా ఏడు చేపల కథ: కథకుని మాట, బొమ్మ మాట

రాజకుమారులు తెచ్చిన ఏడు చేపలలో ఒకటి ఎండకపోవడంతో ఈ జానపద కథలో ప్రశ్నలు మొదలవుతాయి. చేప, గడ్డిమోపు, ఆవు, గొల్లవాడు, అవ్వ, పిల్లవాడు వరుసగా తమ తరువాతివారిపై కారణం మోపుతారు, చివరిది చీమ. మౌఖిక కథనంలో అన్ని గొంతులూ ఒక్కరివే. చేతిబొమ్మల వీడియోలో వాటిని విభజించవలసి ఉంటుంది.

ఆడించేవారు ఒక్కరే అయితే ఒకేసారి రెండు బొమ్మలే కనిపిస్తాయి. కనుక ప్రశ్నించే రాజకుమారుడు కుడిచేతిలో కడవరకు ఉంటాడు. ఎడమచేతిలో సమాధానమిచ్చేవారు మారుతుంటారు. బొమ్మ మారే వ్యవధిని కథకుని వాక్యం పూరిస్తుంది.

కథకుడు: రాజకుమారుడు ఆవును వెదకుతూ వెళ్లాడు. (రాజకుమారుడు నాలుగడుగులు నడిచి ఆగుతాడు. ఆవు ప్రవేశిస్తుంది.)
రాజకుమారుడు: గడ్డి ఎందుకు మేయలేదు?
ఆవు: (తల అడ్డంగా ఊపి) గొల్లవాడు నన్ను విడిచిపెడితే కదా!

కథకుడే కారణం చెబితే బొమ్మ మాట పునరుక్తి అవుతుంది. కథకుని వాక్యాలు తొలగించి చదివినా కారణాల వరుస తెగకపోతే విభజన సరైనదే.

చీమకు బొమ్మ అవసరం లేదు. రాజకుమారుడు నేలవైపు వంగగా, సన్నని గొంతు వినిపిస్తే చాలు. తన పుట్టలో వేలు పెట్టినందుకే కుట్టానన్న చీమ మాటతో నింద మనిషి చేతికే తిరిగి చేరుతుంది. ఆ తరువాత కథకుడు నీతి చెబితే ముగింపు పలుచబడుతుంది.