కాల్ ఖరీదా, పుట్ ఖరీదా?

ప్రశ్న: నిఫ్టీ 24,980 దగ్గరుంది. నెల రోజుల్లో ముగిసే 25,000 స్ట్రైక్ కాల్ 380, అదే స్ట్రైక్ పుట్ 302. సూచీ స్ట్రైక్ కన్నా కిందే ఉంది కాబట్టి పుట్‌కే ఎక్కువ ధర ఉండాలి కదా? కాల్ అమ్మి పుట్ కొంటే రిస్క్ లేని లాభం వస్తుందా?

రాదు. పైగా మీరు పొరపాటు వైపు నిలబడతారు. ఈ ధరల్లో చవగ్గా ఉన్నది కాలే.

ఎందుకో చూద్దాం. ఒక కాల్ కొని, అదే స్ట్రైక్‌లో, అదే గడువుకు పుట్ అమ్మారనుకోండి. గడువు రోజున నిఫ్టీ 25,000 పైన ఉంటే ఆ పై మొత్తం కాల్ ద్వారా మీకొస్తుంది. కింద ఉంటే ఆ తగ్గిన మొత్తం పుట్ ద్వారా మీరు కడతారు. అంటే నిఫ్టీ ఎటుపోయినా మీరు దాన్ని 25,000కు కొన్నట్టే. ఇది ఫ్యూచర్ కొనడంతో సమానం కాబట్టే దీన్ని సింథటిక్ ఫ్యూచర్ అంటారు. ఒకే ఫలితమిచ్చే రెండు వస్తువులకు రెండు ధరలు ఎక్కువసేపు నిలవవు. పుట్-కాల్ పారిటీ చెప్పేది ఇంతే:

C − P = (F − K) ÷ (1 + rT)

F ఫ్యూచర్ ధర, K స్ట్రైక్, r ఏడాది వడ్డీ రేటు, T ఏడాదిలో మిగిలిన భాగం. ఇందులో ఇవాళ్టి నిఫ్టీ అంకె ఎక్కడా లేదు. నెల రోజుల వడ్డీ కలిసి, మధ్యలో రావలసిన డివిడెండ్లు పోయి ఏర్పడ్డ అంకె ఫ్యూచర్ ధరలోనే ఉంటుంది. అదే గడువు ఫ్యూచర్ 25,100 దగ్గర ఉందనుకుందాం. అప్పుడు కాల్, పుట్‌ల మధ్య తేడా దాదాపు 100 ఉండాలి. మీ ధరల్లో 78 ఉంది. అంటే సింథటిక్ 25,078కి దొరుకుతోంది, అసలుది 25,100కి పోతోంది.

కాబట్టి చెయ్యాల్సింది కాల్ కొనడం, పుట్ అమ్మడం, ఫ్యూచర్ అమ్మడం. దీన్ని రివర్సల్ అంటారు. సింథటిక్ ఖరీదుగా ఉంటే ఇదే తలకిందులుగా చేస్తారు, అది కన్వర్షన్. గడువున నిఫ్టీ 26,000 అయితే కాల్ మీద 1,000 వస్తుంది, ఫ్యూచర్ మీద 900 పోతుంది. 24,200 అయితే ఫ్యూచర్ మీద 900 వస్తుంది, పుట్ మీద 800 పోతుంది. రెండు దారుల్లోనూ చేతిలో మిగిలేది 100, పెట్టింది 78. తేడా 22 పాయింట్లు. లాటు 75 అనుకుంటే 1,650 రూపాయలు.

అయితే ఆ 380, 302 ఏ ధరలన్నది అసలు పరీక్ష. తెర మీద పెద్దక్షరాల్లో కనిపించేది చివరి లావాదేవీ ధర. అది పది నిమిషాల కిందటిదీ కావచ్చు. పారిటీ తప్పినట్టు కనిపించే వాటిలో చాలా భాగం ఇలాంటి పాత ధరల భ్రమే. కాల్‌కు అమ్మేవాడు అడుగుతున్న ధర, పుట్‌కూ ఫ్యూచర్‌కూ కొనేవాడు ఇస్తానంటున్న ధర తీసుకుని, మీ పరిమాణానికి సరిపడా ఆర్డర్లు అక్కడున్నాయో లేదో చూసి లెక్కెయ్యండి. అప్పుడూ 22 మిగిలితే ముందు లావాదేవీలు పలచగా ఉన్న ఆప్షన్లను లిమిట్ ఆర్డర్లతో పట్టుకుని, ఇట్టే దొరికే ఫ్యూచర్‌ను చివర అమ్మాలి. మూడింట్లో ఒకటి జారిపోతే మీ చేతిలో ఉన్నది ఆర్బిట్రేజ్ కాదు, వట్టి పందెం.

ఇక ఖర్చులు. 2024 అక్టోబరు నుంచి 2026 మార్చి దాకా అమలైన ఎస్‌టీటీ రేట్ల ప్రకారం (బడ్జెట్లతో ఇవి మారుతుంటాయి) ఫ్యూచర్ అమ్మకం మీద 0.02 శాతం, అంటే 5 పాయింట్లు. పుట్ ప్రీమియం మీద 0.1 శాతం స్వల్పమే. గడువున కాల్ లాభంలో ముగిస్తే ఆ లాభం మీద ఇంకో 0.125 శాతం. బ్రోకరేజీ, ఎక్స్ఛేంజ్ చార్జీలు కూడా కలిపితే మొత్తం 7, 8 పాయింట్లు పోతాయి. మార్జిన్‌కు లక్షన్నర కట్టుబడిందనుకుంటే, 7 శాతం చొప్పున నెల వడ్డీ 875 రూపాయలు, ఇంచుమించు 12 పాయింట్లు.

అంతకన్నా ఇబ్బంది పెట్టేది నగదు. ఫ్యూచర్ నష్టాన్ని ఏ రోజుకారోజు కట్టాలి. కాల్ మీద పెరిగిన విలువ మాత్రం అమ్మేదాకానో గడువు దాకానో చేతికి రాదు. నిఫ్టీ మధ్యలో 900 పాయింట్లు పెరిగితే 67,500 రూపాయలు మీరు ముందు సర్దాలి. సర్దలేకపోతే బ్రోకరు పొజిషన్‌ను సగంలో మూసేస్తాడు, లాభం కాగితం మీదే ఉండిపోతుంది.

ఆ ఎస్‌టీటీ రేట్ల లెక్కన ఒక్క లాటుతో చేసే మదుపరికి ఇక్కడ 20 పాయింట్ల లోపు తేడా కనిపిస్తే అది తేడాయే కాదు. మీ 22లో మిగిలేది ఆ పైన రెండే.